అమ్మ సీటు కొలత

మా అమ్మ జాకెట్టు కొలతలు నాకు నోటికి వచ్చు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని నలుగురికీ కుట్టే మనిషిని, ఆవిడ జాకెట్లు ఇరవై ఏళ్లుగా నేనే కుడుతున్నాను. నా కొలతల పుస్తకంలో మొదటి పేజీ ఆవిడదే: ఛాతీ, భుజం, చేతి పొడవు, చంక, మెడ లోతు. నడుము కిందకి ఒక్క కొలత కూడా లేదు. చీర కట్టుకునే మనిషికి నడుముకి సైజేంటి? లంగా బొందు లాగి ముడేసుకుంటే అదే సైజు. అందుకే మెడికల్ షాపులో అబ్బాయి "సైజెంత మేడమ్?" అని అడిగితే నోట మాట రాలేదు.

అక్కడిదాకా ఎందుకు వెళ్లామో రెండు ముక్కల్లో చెప్తాను. అమ్మకి 76 ఏళ్లు. మోకాళ్లు అరిగాయి. మంచం మీంచి లేచి బాత్రూమ్ చేరేలోపు కొంచెం కొంచెం మూత్రం పడిపోతోంది. ఆవిడ చెప్పలేదు. తెల్లవారేసరికి దండెం మీద మూడేసి లంగాలు ఆరుతుంటే నాకే అనుమానం వచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మూత్రం, షుగరు పరీక్షలు చేయించారు, బీపీకి వాడే మందుల్లో నీరు పోయే మాత్ర వేసుకునే వేళ మార్చారు, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పించారు. కొంత తగ్గింది. మిగిలినదానికి డైపర్ వాడమన్నారు. ఆ మాట వినగానే అమ్మ మొహం తిప్పేసుకుంది. "పసిపిల్లనా నేను?" అంది. ఇంట్లో మేం దాన్ని ప్యాంటు అనే పిలుస్తున్నాం.

షాపులో రెండు రకాలుంటాయి. ప్యాంట్ టైపు, స్టిక్కర్ టైపు. స్టిక్కర్ టైపు పడుకోబెట్టి కింద పరిచి, రెండు పక్కలా అతికించేది. ప్యాంట్ టైపు లోదుస్తులాగా కాళ్లు దూర్చి పైకి లాక్కునేది. లేచి నిలబడగలిగి, నాలుగడుగులు వేయగలిగినవాళ్లకి ఇదే నయం, బాత్రూమ్‌లో వాళ్లే దించుకుని మళ్లీ ఎక్కించుకోవచ్చు. అమ్మ నడుస్తుంది కాబట్టి అదే అడిగాను. అప్పుడే ఆ సైజు ప్రశ్న వచ్చింది.

"మనిషి ఎలా ఉంటారు మేడమ్? బరువెంత?"

"అరవై నాలుగు కేజీలు. కొంచెం లావే."

"అయితే ఎక్స్‌ఎల్ తీసుకోండి. ఫ్రీగా ఉంటుంది."

ఆ అబ్బాయిని తప్పు పట్టను. నాకూ సబబుగానే అనిపించింది. పెద్ద సైజైతే ఎక్కువ పీల్చుకుంటుంది, పైగా బిగుతుండదు, పెద్దావిడకి సుఖం అనుకున్నాను. పది ఉన్న ప్యాకెట్టు తెచ్చాను.

మొదటి రాత్రి అమ్మ "బానే ఉందే, తెలీట్లేదు" అంది. తెల్లారి చూస్తే లంగా ఎడమ పక్క తొడ కింద తడిసిపోయింది, దుప్పటి మీద పళ్లెమంత మరక. నా మొదటి ఆలోచన ఇది చవకరకం, పీల్చుకోలేకపోయింది అని. ఇంకా ఖరీదైనది కొందామని కూడా అనుకున్నాను. కానీ తీసిన ప్యాంటు పారేసేముందు విప్పి చూశాను. కుట్టుపని అలవాటు, ఏది చినిగినా ఎక్కడ చినిగిందో చూడకుండా వదలను. దాని కింద నిలువుగా ఒక పసుపు గీత ఉంటుంది, తడిస్తే రంగు మారుతుంది. ఆ గీత సగం కూడా మారలేదు. మధ్యలో మెత్త ముందు భాగమంతా పొడిగానే ఉంది. అంటే పీల్చుకునే చోటు ఇంకా మిగిలే ఉంది. నీళ్లు మెత్తలోకి దిగేలోపే పక్కనుంచి జారిపోయాయి. తప్పు మెత్తది కాదు, కాలు దగ్గర సందుది.

అప్పుడు ప్యాకెట్టు వెనక చదివాను. ఎల్ సైజు 75 నుంచి 100 సెంటీమీటర్లు, ఎక్స్‌ఎల్ 90 నుంచి 125 అని ఉంది. పక్కన చిన్న బొమ్మ, పిరుదుల చుట్టూ బాణం గుర్తు. బరువు మాటే లేదు. మా భాషలో చెప్పాలంటే అది సీటు కొలత. మగవాళ్ల ప్యాంట్లు కుట్టే టైలరుకి నడుము వేరు, సీటు వేరు. నడుము బొడ్డు దగ్గర, సీటు పిరుదులు బాగా ఎత్తుగా ఉన్నచోట. ఈ ప్యాంటు కూడా సీటు దాటి పైకి వెళ్లాలి, వెళ్లాక అక్కడే పట్టుకుని నిలబడాలి. స్టిక్కర్ టైపులోలాగా ఇంకో అంగుళం లాగి అతికించే వీలు ఇందులో లేదు. పక్కలు ముందే అతికించి ఉంటాయి, ఉన్నదంతా ఎలాస్టిక్కే. కాబట్టి కొలత తప్పితే సర్దుకోవడానికి ఏమీ ఉండదు. ఇక బరువంటారా, 64 కేజీల మనిషి పొడుగ్గా సన్నగా ఉండొచ్చు, మా అమ్మలా పొట్టిగా బొద్దుగా ఉండొచ్చు. ఇద్దరికీ ఒకటే సీటు ఉండదు.

టేపు తీసి అమ్మ దగ్గరికి వెళ్లాను. ఇరవై ఏళ్లుగా కొలతలు తీసే చేయి కదా, ఎంతసేపు అనుకున్నాను. మొదటిసారి చీర మీదే తీసేశాను. 108 వచ్చింది. కుచ్చిళ్లు, లోపలికి దోపిన చెంగు, లంగా మడతలు అన్నీ కలిపి కొలిచానని కాసేపటికి గానీ తట్టలేదు. పలచటి నూలు నైటీ ఒక్కటే ఉంచి మళ్లీ తీశాను. ఈసారి 95. మూడోసారి 99. ఒకే మనిషి, పది నిమిషాల్లో నాలుగు సెంటీమీటర్ల తేడా!

తేడా ఎక్కడొస్తోందో చూస్తే, అమ్మ మోకాళ్ల నొప్పికి కాళ్లు ఎడంగా పెట్టి, కాస్త ముందుకి వంగి నిలబడుతోంది. వంగినప్పుడల్లా టేపు వెనకపక్క పైకి పాకుతోంది. ఇంకో సంగతి, నేను ముందు నిలబడి కొలుస్తున్నాను, వెనక టేపు ఎక్కడుందో నాకు కనబడదు. అందుకని ఆవిణ్ణి బీరువా అద్దానికి పక్కగా నిలబెట్టి, బీరువా తలుపు పట్టుకోమన్నాను. పాదాలు రెండూ దగ్గరగా పెట్టించాను. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను, అప్పుడు కళ్లు సరిగ్గా సీటు ఎత్తులో ఉంటాయి. టేపుని పిరుదుల మీద కొంచెం పైకీ కిందకీ జరిపి, ఎక్కడ ఎక్కువ అంకె వస్తుందో అక్కడ ఆపాను. అద్దంలో చూస్తే టేపు ముందు వెనక ఒకే ఎత్తులో, నేలకి సమానంగా ఉండాలి. లోపల ఒక వేలు కూడా పెట్టలేదు. జాకెట్టుకైతే వేలు పెట్టి వదులు ఇస్తాం, ఇక్కడ వదులు ఎలాస్టిక్కే చూసుకుంటుంది. అలాగని బిగించకూడదు, ఒంటికి తగిలి జారకుండా ఉంటే చాలు. మూడుసార్లు తీస్తే 97, 97, 96. సరే, 97. అంటే 38 అంగుళాల పైచిలుకు.

అన్నట్టు, టేపు కూడా ఒకసారి చూసుకోండి. పాత టేపులు సాగుతాయి. నాది మా మనవరాలి స్కేలు పక్కన పెట్టి చూస్తే 30 సెంటీమీటర్ల దగ్గర బాగానే ఉంది కానీ, మొదట్లో రేకు ఊడి అర సెంటీమీటరు పోయింది. అందుకని 10 దగ్గర మొదలుపెట్టి కొలిచి, వచ్చినదాంట్లో 10 తీసేశాను. కొన్ని ప్యాకెట్ల మీద సెంటీమీటర్లు, కొన్నింటి మీద అంగుళాలు ఉంటాయి. టేపుని అటు తిప్పితే అవి, ఇటు తిప్పితే ఇవి.

సీటుతో ఆగకుండా ఇంకో మూడు కొలతలు తీశాను. బొడ్డు దగ్గర పొట్ట 94. ఇది సీటు కంటే తక్కువే కాబట్టి సీటునే లెక్కలోకి తీసుకోవాలి. పొట్ట ముందుకొచ్చిన పెద్దవాళ్లకి, ముఖ్యంగా మగవాళ్లకి, పొట్టే ఎక్కువ రావచ్చు. అప్పుడు ఆ పెద్ద అంకె పట్టుకునే సైజు చూడాలి. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి సీటు చుట్టూ కొలిస్తే 102 వచ్చింది. కూర్చుంటే కండ పక్కలకి పరుచుకుంటుంది మరి. చివరగా తొడ, గజ్జల దగ్గర, 49. నా సీటు కూడా ఇంచుమించు అమ్మంతే, కానీ నా తొడ కొలిస్తే 56. వయసు మీద పడ్డాక సీటు, పొట్ట అలాగే ఉండి కాళ్లలో కండ తగ్గిపోతుంది. ఆ ఏడు సెంటీమీటర్ల తేడానే ఆ రాత్రి దుప్పటి మీద మరక.

ఇప్పుడు అసలు చిక్కు. 97 అంటే ఎల్‌లోనూ పడుతుంది, ఎక్స్‌ఎల్‌లోనూ పడుతుంది. 90 నుంచి 100 దాకా రెండు సైజులూ మాదే మాదే అంటున్నాయి. షాపు అబ్బాయి చెప్పిన ఎక్స్‌ఎల్ ప్యాకెట్టు లెక్క ప్రకారం తప్పు కాదు. మరి కారిందెందుకు? ప్యాకెట్టు మీద సీటు కొలత ఒక్కటే ఉంటుంది, కాలి కొలత ఉండదు. సైజు పెరిగేకొద్దీ కాళ్లు దూరే చోటు కూడా వెడల్పవుతుంది. నడుం దగ్గర ఎలాస్టిక్ ముడుచుకుని సర్దుకుంటుంది, కాలి దగ్గర అంత సర్దుకోదు. అందుకే రెండు సైజుల మధ్యలో పడ్డ మనిషికి కాళ్లు సన్నగా ఉంటే చిన్న సైజు, తొడలు లావుగా ఉంటే పెద్ద సైజు ముందు వేసి చూడాలని నాకు అర్థమైంది. మళ్లీ పది కొనడానికి మనసొప్పలేదు. ప్యాకెట్టు విప్పితే ఎవరూ వెనక్కి తీసుకోరు. ఇంకో షాపులో విడిగా అమ్ముతారని తెలిసి, ఎల్ రెండు తెచ్చుకున్నాను.

వేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. అంతకుముందు ప్యాకెట్లోంచి తీసిందాన్ని తీసినట్టే ఎక్కించేశాను. ప్యాంటు లోపల, మెత్తకి రెండు పక్కలా పొడుగ్గా సన్నటి ఫ్రిల్లులుంటాయి. నీళ్లు పక్కకి పోకుండా అడ్డుకట్ట అవే. మడతపెట్టి నొక్కి ప్యాక్ చేస్తారు కాబట్టి అవి మెత్తకి అణిగిపోయి ఉంటాయి. ముందు ప్యాంటు తెరిచి, నిలువునా మధ్యకి మడిచి ఒకసారి చేత్తో సాగదీస్తే మెత్త దోనెలా అవుతుంది, ఫ్రిల్లులు లేచి నిలబడతాయి. తర్వాత ముందు ఏదో వెనక ఏదో చూసుకోవాలి. వెనక భాగం కొంచెం పెద్దది, పిరుదులు కప్పాలి కదా. అమ్మని మంచం అంచున కూర్చోబెట్టి రెండు కాళ్లూ దూర్చి మోకాళ్ల దాకా లాగుతాను. అప్పుడు లేచి నిలబడి కుర్చీ వీపు పట్టుకుంటుంది. ఇక పక్కలు పట్టుకుని పైకి లాగడం. పక్కలే లాగి వదిలేస్తే వెనక కిందకే ఉండిపోతుంది, వెనక మధ్యలో పట్టుకుని ఇంకోసారి లాగాలి. మెత్త కాళ్ల మధ్య ఒంటికి తగిలిందా అని అమ్మనే అడుగుతాను. అది వేలాడుతుంటే ఎంత మంచి సైజైనా ఒకటే.

ఎల్ వేశాక కాళ్ల దగ్గర చూశాను. ఎలాస్టిక్ అంచు ఉండాల్సింది తొడ మీద కాదు, గజ్జల మడతలో. జాకెట్టు చేయి చంకలో కుదరాలి, భుజం మీదకి జారకూడదు, అలాంటిదే ఇది. అమ్మ సిగ్గుపడుతుందని ఆ పని ఆవిడకే చెప్పాను. "అమ్మా, గజ్జల్లో వేలు పెట్టి ముందు నుంచి వెనక్కి తిప్పు. లోపలికి మడత పడిందేమో చూడు." కుడి పక్క సరిగ్గా ఉంది. ఎడమ పక్క ఫ్రిల్లు లోపలికి ముడుచుకుపోయి, బయటి అంచు కూడా దాంతోపాటే దొర్లింది. వేలితో బయటికి తీసుకుంది. మొదటి రాత్రి కారింది కూడా ఎడమ పక్కే. ఆవిడకి ఎడమ మోకాలు ఎక్కువ నొప్పి, ఆ కాలు ఎత్తి దూర్చలేక ఈడుస్తుంది, అంచు అక్కడే మడత పడుతుంది. అప్పటినుంచి ఎడమ కాలు ముందు దూరుస్తున్నాం.

అంచు కింద వేలు దూర్చి చూస్తే ఒక వేలు సులువుగా, రెండో వేలు కాస్త కష్టపడి వెళ్లింది. వేళ్లు తీయగానే అంచు మళ్లీ ఒంటికి అతుక్కుంది. పాత ఎక్స్‌ఎల్ వేసి ఇదే పని చేస్తే నాలుగు వేళ్లు దూరి, ఇంకా వెలుగు కనబడింది.

నిలబడ్డప్పుడు అన్నీ బాగానే కుదురుతాయి. కూర్చున్నప్పుడు చూడాలి. అమ్మ మంచం మీద ఎప్పుడూ ఒక కాలు మడిచి, ఒక కాలు కిందకి వేలాడేసి కూర్చుంటుంది, టీవీ చూస్తూ. ఆ భంగిమలోనే కూర్చోమన్నాను. మడిచిన కాలి వైపు గజ్జల్లో సందు పడుతుందా అని చూస్తే ఎల్‌తో పడలేదు. ఎక్స్‌ఎల్‌తో బొటనవేలంత పడింది. లేచి వంటింటి దాకా నడిచి రమ్మన్నాను, ప్యాంటు జారలేదు. పడుకుని పక్కకి తిరగమంటే, "పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని నడకలు నడిపించలేదే" అంది.

ఆ రాత్రి కారలేదు. పొద్దున గీత ముందు నుంచి వెనక దాకా సమంగా రంగు మారింది. అంటే మెత్తంతా పనిచేసింది. తీసేటప్పుడు కిందకి లాగకూడదు, పక్క అతుకులు పై నుంచి చించితే రెండుగా విడిపోతుంది, ముందు నుంచి వెనక్కి తీసేయొచ్చు. కాళ్ల దగ్గర సన్నటి గులాబీ రంగు గీత ఉంది. స్నానం చేసి వచ్చేసరికి పోయింది. అర గంటలో పోయే గీతకి కంగారు పడక్కర్లేదు, అది ఎలాస్టిక్ ఆనవాలే.

నడుం దగ్గరది మాత్రం పోలేదు. గంటన్నర తర్వాత కూడా నడుం చుట్టూ ఎర్రగా, లోతుగా ఉంది. అమ్మ దురద అంటోంది. నాకు గుండె జారింది. కాళ్లకి ఎల్ సరిపోయింది, నడుముకి చిన్నదైందా? కూర్చుంటే 102 వస్తుంది, ప్యాకెట్టు 100 దాకానే అంటోంది. మళ్లీ ఎక్స్‌ఎల్‌కే పోవాలా? రెండు రోజులు ఇదే టెన్షన్.

మూడో రోజు ఆ గీతనే దగ్గరగా చూశాను. ఒక గీత కాదు, రెండున్నాయి. ఒకటి వెడల్పుగా, సన్నసన్నటి ముడతలతో లేతగా ఉంది. అది ప్యాంటు ఎలాస్టిక్‌ది. దాని మీదుగా ఇంకోటి, తాడు వేసి కట్టినట్టు సన్నగా, ముదురుగా. కుడి పక్క పెసరగింజంత గుంట కూడా ఉంది. అది లంగా బొందు, గుంట దాని ముడి! అరవై ఏళ్లుగా కట్టిన చోటే కడుతోంది అమ్మ, ఇప్పుడు దాని కిందకి ఈ ఎలాస్టిక్ వచ్చి చేరింది. చీర బరువంతా మోసే బొందు కదా, బిగించి కడుతుంది. ఆ బిగువుకి కింద ఎలాస్టిక్ చుట్టలు చుట్టుకుని తాడులా మారి, ఒంట్లోకి దిగుతోంది. పైగా వెనకపక్క ప్యాంటుని కిందకి తోసేస్తోంది.

ప్యాకెట్ల మీద బొమ్మలన్నీ ప్యాంటు, చొక్కా వేసుకున్నవాళ్లవే. లంగా బొందు సంగతి వాళ్లకేం తెలుసు?

ముందు బొందు పైకి కట్టుకోమన్నాను. చీర నిలబడట్లేదంది. కిందకి కట్టుకుంటే సరిగ్గా సీటు మీద పడి నడక ఇబ్బంది. చివరికి నా మిషను మీదే తీరింది. రెండు లంగాలకి నాడా తీసేసి, రెండంగుళాల వెడల్పు మెత్తటి ఎలాస్టిక్ వేసి కుట్టాను, పొట్ట కొలత 94 కదా, ఎలాస్టిక్ ముక్క 82కి కోశాను. బిగువు ఒక తాడు మీద కాకుండా వెడల్పంతా పరుచుకుంది. రాత్రిళ్లు ఎలాగూ నైటీయే. నాలుగో రోజుకి ముదురు గీత మాయమైంది, లేత గీత అర గంటలో పోతోంది. ఎల్ సైజు నిలిచింది. బొందు సంగతి కనిపెట్టకపోతే ఎక్స్‌ఎల్‌కి మారిపోయేదాన్ని, మళ్లీ కాళ్ల దగ్గర కారేది.

నడుం దగ్గర ఇప్పుడు నేను చూసేది ఇంతే. పై అంచు బొడ్డు దగ్గరికి రావాలి, వెనక కూడా దాదాపు అంతే ఎత్తులో ఉండాలి. రెండు వేళ్లు దూరాలి. కూర్చుంటే పై అంచు బయటికి చుట్టుకోకూడదు. చుట్టుకుంటే సైజు చిన్నదన్నా అయుండాలి, పైన ఏదో నొక్కుతున్నదన్నా అయుండాలి. లంగా గానీ జాకెట్టు అంచు గానీ లోపలికి దూరకుండా చూడటం కూడా ముఖ్యమే. ఒకసారి నైటీ కొస ప్యాంటులో ఇరుక్కుని, దీపపు వత్తిలా తడిని పైకి లాగేసి వీపంతా తడిసింది. ప్యాంటు కారిందనుకుని గంటసేపు కాళ్ల దగ్గర సందులు వెతికాను.

తర్వాత ఒకసారి మేం వాడే రకం షాపులో లేదు. ఇంకో కంపెనీది ఎల్ ఇచ్చారు. వెనక చూస్తే 95 నుంచి 120 అని ఉంది. పేరుకి అదీ ఎల్లే, మా ఎల్‌కీ దానికీ ఇరవై సెంటీమీటర్ల తేడా. దాని ఎం చూపించమన్నాను, 80 నుంచి 105. అది తెచ్చాను. కూర్చున్నప్పటి 102 కూడా అందులోనే పడుతుంది, కాళ్ల దగ్గరా బాగా కుదిరింది. చెప్పొచ్చేదేంటంటే, నేను షాపులో ఇప్పుడు ఎల్, ఎం అని అడగను. "97 సెంటీమీటర్ల సీటుకి చూపించండి" అంటాను. మొదట్లో వింతగా చూసేవాళ్లు, ఇప్పుడు ప్యాకెట్టు తిప్పి ఆ అబ్బాయే చదివి ఇస్తున్నాడు.

మొన్న వానల్లో అమ్మకి వారం రోజులు జ్వరం. లేచి నిలబడలేకపోయింది. ఆ వారం ప్యాంటు టైపు పక్కన పెట్టేశాం. పడుకున్న మనిషికి కాళ్లలోంచి ఎక్కించడానికి ఆవిడా నేనూ ఇద్దరం అలిసిపోయాం, స్టిక్కర్ టైపు పక్కకి దొర్లించి వేసేయొచ్చు. జ్వరం తగ్గి మళ్లీ ప్యాంటు మొదలుపెట్టాక రెండో రోజే ఎడమ తొడ దగ్గర తడి. ఫ్రిల్లు చూశాను, బాగానే ఉంది. నైటీ ఇరుక్కోలేదు. కంపెనీ మారలేదు. వేలు పెట్టి చూస్తే అంచు కింద మూడు వేళ్లు వెళ్లిపోతున్నాయి.

టేపు తెచ్చాను. అమ్మ చెప్పకుండానే బీరువా తలుపు పట్టుకుని నిలబడింది, పాదాలు దగ్గరికి పెట్టుకుంది. సీటు 93, తొడ 46. పుస్తకం మొదటి పేజీలో జాకెట్టు కొలతల కింద 97 ఉన్నచోట గీత కొట్టి, పక్కన 93 అని రాస్తుంటే అడిగింది:

"జాకెట్లు కూడా వదులయ్యాయే. వాటికీ ఓసారి తీయకూడదూ?"

"చేతులెత్తు" అన్నాను.